డిస్మిస్ అయ్యాక ఎన్నాళ్లు ఆగవచ్చు? గడువు ఏ రోజు నుంచి లెక్క?

ప్రశ్న: "జీడిమెట్లలో ఒక కంపెనీలో తొమ్మిదేళ్లు మెషిన్ ఆపరేటర్‌గా చేశాను. షిఫ్టులో గొడవ పడ్డానని ఎంక్వైరీ పెట్టి డిస్మిస్ చేశారు. ఆర్డర్ మీద తేదీ 2024 జూన్ 12, పోస్టులో నాకు అందింది 19న. ఎండీ గారికి అప్పీల్ పెట్టుకున్నాను. హెచ్‌ఆర్ వాళ్లు 'చూస్తున్నాం, కొంచెం ఆగండి' అంటూనే ఉన్నారు. ఇరవై నెలలైంది. ఇంకొన్నాళ్లు ఆగితే నష్టమా?"

జవాబు:

నష్టమే. మీ కేసు ఇంకా చేయి దాటిపోలేదు గానీ, మీరు అనుకుంటున్నంత సమయం మీ దగ్గర లేదు. హైదరాబాద్‌లో ఇరవై ఆరేళ్లుగా కార్మికుల తరఫున లేబర్ కేసులు చూస్తున్నాను. ఎంక్వైరీ సరిగా జరిగినందువల్ల ఓడిపోయిన కార్మికుల కంటే, ఎంక్వైరీ తప్పుల తడకగా ఉన్నా ఆలస్యంగా వచ్చినందువల్ల నష్టపోయిన వాళ్లనే నేను ఎక్కువగా చూశాను. అందుకే మీకు వర్తించే గడువు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. 2010 సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, పారిశ్రామిక వివాదాల చట్టం 1947లోని 2ఎ సెక్షన్ డిస్మిస్ అయిన కార్మికుడికి ఒక సూటి దారి ఇచ్చింది. ఇరుపక్షాలను పిలిచి రాజీ కుదిర్చే లేబర్ అధికారికి, అంటే కన్సిలియేషన్ ఆఫీసర్‌కు దరఖాస్తు పెట్టి, 45 రోజులు గడిచాక నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లవచ్చు. అయితే డిస్మిస్ అయిన తేదీ నుంచి మూడేళ్లు నిండకముందే వెళ్లాలి. చాలామంది మిత్రులు మీకు "మూడేళ్లు ఉంది, తొందరేం లేదు" అని చెప్పి ఉంటారు. వాళ్లు చెబుతున్నది ఈ లెక్కే.

ఆ లెక్క ఇప్పుడు మారింది. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020 అమల్లోకి వచ్చింది. అందులోని 53వ సెక్షన్ ప్రకారం, వివాదం తలెత్తిన తేదీ నుంచి రెండేళ్లు దాటాక కన్సిలియేషన్ ఆఫీసర్ దాని మీద చర్చలు జరపకూడదు. కన్సిలియేషన్ కుదరకపోతే ఆయన ఇచ్చే రిపోర్టు మీ చేతికి అందిన నాటి నుంచి 90 రోజుల్లోగా ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. అంటే మూడేళ్ల ఒకే గడువు ఉన్నచోట ఇప్పుడు రెండు గడువులు వచ్చాయి. మొదటిది తప్పితే రెండో దాకా చేరడమే కష్టం.

మిమ్మల్ని తొలగించింది కోడ్ రాకముందు కాబట్టి పాత చట్టం కింద మీకు 2027 జూన్ దాకా సమయం ఉందని ఒక వకీలు వాదించవచ్చు. ఆ వాదనలో బలం ఉంది, నేనైనా అవసరం పడితే అదే వాదిస్తాను. కానీ గడువు దాటిపోయిన తరువాత మనల్ని కాపాడుకోవడానికి దాచి ఉంచుకోవలసిన వాదన అది. దాన్ని నమ్ముకుని ఇప్పుడు కూర్చోవద్దు. తొమ్మిదేళ్ల సర్వీసును ఒక న్యాయ వివాదం మీద పందెం కట్టవలసిన అవసరం మీకు లేదు, ఎందుకంటే రెండేళ్ల లోపల పని పూర్తి చేసుకుంటే ఆ వివాదమే రాదు.

ఇక రెండేళ్లు ఏ రోజు నుంచి అన్నది. మీ ఆర్డర్ మీద జూన్ 12 అని ఉంది, మీకు అందింది 19న. ఆర్డర్ అందిన రోజు నుంచే అది మీ మీద పనిచేస్తుందని మనం చెప్పుకోవచ్చు. యాజమాన్యం మాత్రం 12 నుంచే లెక్కిస్తుంది. వారం రోజుల తేడా కోసం కొట్లాడే పరిస్థితి తెచ్చుకోకుండా, మీరు కూడా 12 నుంచే లెక్కపెట్టుకోండి. కొందరు ఇంకో మాట చెబుతారు: కార్మికుడు ఉద్యోగం తిరిగి ఇమ్మని అడిగి, యాజమాన్యం కాదన్నప్పుడే వివాదం తలెత్తినట్టు గనుక లెక్క అప్పటి నుంచే అని. వినడానికి బాగానే ఉంటుంది గానీ, అదే నిజమైతే పదేళ్ల తరువాత ఒక లెటర్ రాసి గడువును మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ఏ న్యాయస్థానమూ అంత సులభంగా దాన్ని ఒప్పుకోదు. కాబట్టి మీ మొదటి గడువు 2026 జూన్ 12న ముగుస్తుందనే అనుకోండి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. రెండేళ్ల లోపు దరఖాస్తు పెట్టాలని మాత్రమే ఆ సెక్షన్ చెప్పి ఊరుకోలేదు. రెండేళ్లు దాటాక ఆఫీసర్ చర్చలే జరపకూడదన్నది. జూన్ 10న వెళ్లి దరఖాస్తు ఇచ్చి స్టాంపు వేయించుకుంటే సరిపోతుందని ధీమాగా ఉండడానికి వీల్లేదు. మీరు జూన్ 10న ఇస్తే నోటీసు వెళ్లేసరికే జులై వస్తుంది. కంపెనీ తరఫు వకీలు మొదటి వాయిదాలోనే లేచి, ఈ చర్చలు జరిపే అధికారం మీకు లేదని ఆఫీసర్‌కు చెబుతాడు.

అందుకని వెనక్కి లెక్కపెట్టండి. కన్సిలియేషన్‌కు చట్టం ఇచ్చింది 45 రోజులు. జూన్ 12 నుంచి 45 రోజులు వెనక్కి వస్తే ఏప్రిల్ 28. మొదటి మీటింగు ఆ తేదీకైనా జరగాలి. దరఖాస్తు తపాల్ సెక్షన్ నుంచి ఆఫీసర్ టేబుల్ మీదకు రావడానికి, ఆయన నోటీసు తయారు చేసి కంపెనీకి పంపడానికి, వాళ్లు "మా మేనేజర్ ఊళ్లో లేరు" అని ఒక వాయిదా అడగడానికి కలిపి నెల రోజులైనా పెట్టుకోండి. అలా చూస్తే మీరు దరఖాస్తు ఇవ్వవలసిన చివరి సమయం మార్చి నెలాఖరు. క్యాలెండర్‌లో నాలుగు నెలలు ఉన్నట్టు కనిపిస్తున్నది నిజానికి ఆరు వారాలే. ఉగాది తరువాత చూద్దామనుకుంటే అది కూడా అయిపోతుంది.

ఎండీ గారి దగ్గర ఉన్న మీ అప్పీల్ ఈ గడువును ఆపుతుందా అన్నది మీరు అడగకపోయినా, మీరు ఆగిపోవడానికి కారణం అదే కాబట్టి చెబుతాను. ఆపదు. యాజమాన్యానికి పెట్టుకున్న విన్నపం పెండింగులో ఉన్నంత మాత్రాన కాలం నిలిచిపోదు. ప్రభుత్వ శాఖకు చెందిన సి. జాకబ్ అనే ఉద్యోగి కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. ఎప్పుడో పోయిన ఉద్యోగం గురించి చాలా ఏళ్ల తరువాత విన్నపం పెట్టుకుని, దానికి వచ్చిన జవాబును పట్టుకుని కొత్తగా హక్కు పుట్టిందనడం కుదరదన్నది ఆ తీర్పు సారం. సర్వీసు రూల్సులోనే అప్పీలుకు అవకాశం ఉన్న ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో అప్పీలు తేలిన తేదీకి విలువ ఉంటుంది. కానీ ప్రైవేటు కంపెనీలో ఎండీకి రాసుకున్న ఉత్తరాన్ని ఆ కోవలోకి లాగలేము.

హెచ్‌ఆర్ వాళ్లందరూ కావాలనే మోసం చేస్తారని నేను అనను. కొన్నిసార్లు వాళ్లకు నిజంగానే జాలి ఉంటుంది, పైవాళ్లతో మాట్లాడతారు కూడా. కానీ "ఆగండి" అన్న మాట ఫోన్‌లోనే ఉండి కాగితం మీదకు ఎప్పుడూ రావడం లేదంటే, ఆ మాటను ఒక హామీగా లెక్కలోకి తీసుకోవద్దు. అప్పీల్ అక్కడే ఉండనివ్వండి. దాన్ని వెనక్కి తీసుకోకుండానే కన్సిలియేషన్‌కు వెళ్లవచ్చు. కేసు పెడితే అప్పీల్ తీసి పక్కన పడేస్తారన్న భయం మీలో ఉంటే, ఇరవై నెలలుగా అది ఎక్కడ ఉందో ఒక్కసారి ఆలోచించండి.

పదేళ్ల కిందట బాలానగర్ నుంచి ఒక లేత్ ఆపరేటర్ నా దగ్గరకు వచ్చాడు. చేతిలో పాలిథీన్ కవరు, అందులో పదకొండు ఉత్తరాల జిరాక్సులు. అన్నీ మేనేజర్‌కే రాసినవి, అన్నీ "అయ్యా, దయతో నా కేసు పరిశీలించగలరు" అనే మొదలవుతాయి. పదకొండింటిలో ఒక్కదాని మీద మాత్రమే కంపెనీ స్టాంపు ఉంది. డిస్మిస్ ఆర్డర్ తేదీ చూస్తే మూడేళ్ల రెండు నెలలు. ఆ రెండు నెలల కోసం, వివాదాన్ని లేబర్ కోర్టుకు పంపమని ప్రభుత్వం నుంచి రిఫరెన్సు అడగవలసి వచ్చింది, దానికే ఏడాదికి పైగా పట్టింది. ఈలోగా గొడవ జరిగిన రోజు అతను ఏ మెషిన్ మీద ఉన్నాడో చెప్పగలిగిన తోటి ఆపరేటర్ పని మానేసి పుణె వెళ్లిపోయాడు, ఫోన్ నంబరు కూడా మారింది. గేటు దగ్గరి సెక్యూరిటీ రిజిస్టర్ అడిగితే పాతవి ఉంచలేదని రాసిచ్చారు. ఎంక్వైరీ ఆఫీసర్ తన ఎదుట సాక్షులను విచారించలేదని అతను చెప్పింది నిజమేనని నాకు ఇప్పటికీ నమ్మకం. కానీ చివరికి ఉద్యోగం తిరిగి రాలేదు, ఏకమొత్తంగా కొంత పరిహారంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అతని పదకొండు ఉత్తరాల్లో ఒక్కటి లేబర్ ఆఫీసుకు రాసి ఉంటే ఆ కథ వేరుగా ఉండేది.

అతనికి దొరికిన ఆ రిఫరెన్సు దారి కూడా ఇప్పుడు లేదని తెలుసుకోండి. పాత చట్టంలోని 10వ సెక్షన్ ప్రభుత్వం "ఎప్పుడైనా" వివాదాన్ని లేబర్ కోర్టుకు పంపవచ్చని చెప్పేది. ఆలస్యమైన కార్మికులు దశాబ్దాలుగా ఆ ఒక్క మాట మీద బతికారు. అజాయిబ్ సింగ్ అనే కార్మికుడిని 1974లో తొలగిస్తే ఆయన 1981లో వివాదం లేవనెత్తాడు. 1999లో సుప్రీంకోర్టు ఆయన కేసులో, కేసులు వేయడానికి గడువులు పెట్టే లిమిటేషన్ చట్టం ఇలాంటి వివాదాలకు వర్తించదని, ఆలస్యం ఒక్కదాని వల్లే కేసు కొట్టేయనక్కర్లేదని తీర్పు ఇచ్చింది. ఇప్పటికీ చాలామంది ఈ తీర్పునే చూపించి ధైర్యం చెబుతారు. కానీ అదే తీర్పులో ఇంకో భాగం ఉంది. ఉద్యోగం తిరిగి ఇచ్చినా, ఆయన అడగకుండా ఊరుకున్న ఏడేళ్ల జీతం ఇవ్వలేదు. అడిగిన నాటి నుంచి లేబర్ కోర్టు అవార్డు దాకా కూడా 60 శాతమే ఇచ్చారు. ఆ తరువాత 2015లో కర్ణాటక సెరికల్చర్ శాఖ ఉద్యోగి ప్రభాకర్ కేసులో, పద్నాలుగేళ్లు ఏమీ అడగకుండా ఉన్నప్పుడు అసలు వివాదమే బతికి లేదని చెప్పి అదే న్యాయస్థానం తిరస్కరించింది. కొత్త కోడ్‌లో ఇలాంటి వివాదాలకు ప్రభుత్వ రిఫరెన్సు అన్నదే లేదు. కార్మికుడే తన కాళ్ల మీద, గడువు లోపల నడిచి వెళ్లాలి. అందుకే పాత తీర్పుల్లోని ఉదారత ఇప్పుడు మీకు అంతగా అక్కరకు రాదు.

గడువు లోపలే వచ్చినా ఆలస్యానికి ధర ఉంటుందన్నది అజాయిబ్ సింగ్ తీర్పు నేర్పిన అసలు పాఠం. మీ జీతం నెలకు 24,000 రూపాయలు అనుకుందాం. ఇరవై నెలలకు 4,80,000. రేపు ట్రిబ్యునల్ మీ డిస్మిస్ చెల్లదని చెప్పినా, ఈ ఇరవై నెలలు మీరు వివాదం లేవనెత్తలేదు కాబట్టి ఈ కాలానికి జీతం ఇవ్వక్కర్లేదని కంపెనీ వాదిస్తుంది. ఆ వాదన చాలాసార్లు కొంతమేరకైనా నెగ్గుతుంది. అక్కడ మీకు పనికొచ్చేది ఒక్కటే, మీరు ఊరుకోలేదని చూపే కాగితాలు. అప్పీల్ గడువును ఆపదన్నాను గానీ అది వృథా కాదు. 2024లోనే మీరు డిస్మిస్‌ను ఒప్పుకోలేదనడానికి అది సాక్ష్యం. పంపిన తేదీ తెలిపే రిజిస్టర్డ్ పోస్టు రసీదు ఉందో లేదో ఈరోజే వెతకండి. హెచ్‌ఆర్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ వచ్చారు గదా, ఇప్పుడు ఒక ఈమెయిలు రాసి, ఏ తేదీన అప్పీల్ ఇచ్చారో, ఏయే నెలల్లో మీకు ఏమని చెప్పారో అందులో పెట్టండి. జవాబు రాకపోయినా ఆ ఈమెయిలు మీ ఫైల్లో ఉంటుంది.

ఈ పాత కాలపు జీతం, అంటే బ్యాక్ వేజెస్ గురించే ఇంకో మాట. 2013లో దీపాలి గుండు సుర్వాసే కేసులో సుప్రీంకోర్టు, తొలగించిన కాలంలో తాను వేరే చోట సంపాదన లేకుండా ఉన్నానని ఉద్యోగి ముందుగా చెప్పుకోవాలని, ఆ తరువాత కాదని చూపే భారం యాజమాన్యానిదని చెప్పింది. మీరు ఈ ఇరవై నెలల్లో ఎక్కడైనా చేసి ఉంటే దాన్ని దాచవద్దు. ఆటో నడిపినా, వేరే యూనిట్‌లో రోజు కూలీకి వెళ్లినా తేదీలతో, వచ్చిన డబ్బుతో రాసి పెట్టుకోండి. దాచిన విషయం క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే మిగతా నిజాలు కూడా అబద్ధాల్లా కనిపిస్తాయి.

మీరు ఆపరేటర్ కాబట్టి జీతం ఎంతైనా కార్మికుడి నిర్వచనంలోకి వస్తారు. చదువుతున్న వాళ్లలో సూపర్‌వైజర్లు ఉంటే, పని నిజంగా పర్యవేక్షణదై నెల జీతం 18,000 దాటితే ఈ దారి వాళ్లకు లేదు. మేనేజర్లకూ అంతే. వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లాలి. అక్కడ సాధారణంగా గడువు మూడేళ్లు, దొరికేది ఎక్కువగా నోటీసు కాలపు జీతం వంటి నష్టపరిహారమే. వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించరు. హోదా పేరు చూసి మాత్రం భయపడవద్దు. మాదాపూర్‌లో "ఎగ్జిక్యూటివ్" అని కార్డు మీద ఉన్నా రోజంతా టికెట్లు మూసే పనే చేసే కుర్రవాళ్లు ఉన్నారు. చేసే పనినే చూస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు దారి వేరు. వాళ్లు తుది ఉత్తర్వు నుంచి ఏడాది లోపు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

ఆర్డరే ఇవ్వకుండా "రేపటి నుంచి రావద్దు" అని గేటు దగ్గర ఆపేసిన వాళ్ల పరిస్థితి ఇంకా సున్నితమైనది. కాగితం లేదు కాబట్టి గడువు మొదలు కాలేదనుకుంటారు. కంపెనీ మాత్రం అతనే పని మానేసి పోయాడని చెబుతుంది. అలాంటివారు అదే వారంలో స్పీడ్ పోస్టులో, ఫలానా తేదీన నన్ను గేటు వద్ద ఆపారు, నేను పనికి సిద్ధంగా ఉన్నాను అని రాయాలి. ఆ తేదీనే తొలగించిన తేదీగా పట్టుకుని రోజులు లెక్కపెట్టుకోవాలి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. దరఖాస్తు మీ కంపెనీ ఉన్న ప్రాంతాన్ని చూసే లేబర్ అధికారికి ఇవ్వాలి. మీరు ఉంటున్న ప్రాంతపు అధికారికి కాదు. జీడిమెట్ల ఏ ఆఫీసు పరిధిలోకి వస్తుందో ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడిగితే చెబుతారు. తప్పు ఆఫీసులో ఇచ్చిన దరఖాస్తు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిరుగుతూ ఉంటుంది, ఆ తిరిగే రోజులు కూడా మీ రెండేళ్లలోవే. దరఖాస్తులో పెద్ద భాష అక్కర్లేదు. ఏ తేదీన చేరారు, ఏ పని, చివరి జీతం ఎంత, చార్జిషీటు తేదీ, ఎంక్వైరీ ఎన్ని రోజులు జరిగింది, అందులో మీకు సాక్షులను ప్రశ్నించే అవకాశం ఇచ్చారా, డిస్మిస్ ఆర్డర్ తేదీ, అది అందిన తేదీ, అప్పీల్ తేదీ, ఇప్పుడు మీరు కోరేది ఏమిటి, ఇంతే. పాత సర్వీసు కలిపి, పూర్తి జీతంతో తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని స్పష్టంగా రాయండి. ఆలస్యానికి కారణం కూడా ఒక పేరాలో మీరే రాయండి, వాళ్లు అడిగేదాకా ఆగవద్దు.

రెండు కాపీలు తీసుకెళ్లండి. తపాల్‌లో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. స్టాంపు మసకగా పడి తేదీ కనిపించకపోతే, అక్కడే అడిగి పెన్నుతో రాయించి సంతకం పెట్టించుకోండి. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసి, ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచండి.

ఆ తరువాత ఫుల్ అండ్ ఫైనల్ అంటూ కంపెనీ పిలిచి సంతకం అడిగితే, డబ్బు తీసుకోవలసినంత అవసరం ఉన్నా, "డిస్మిస్‌ను ప్రశ్నించే నా హక్కుకు భంగం లేకుండా" అని మీ చేతిరాతతో రాసి అప్పుడే సంతకం పెట్టండి. ఆ మాట రాయనివ్వకపోతే సంతకం పెట్టకుండా వచ్చేయండి. ఇరవై నెలల మౌనానికి తోడు ఖాతా తేల్చుకున్న సంతకం కలిస్తే, మీరు ఒప్పుకుని వెళ్లిపోయారని చెప్పడానికి వాళ్లకు ఇంక వేరే సాక్ష్యం అవసరం ఉండదు.

చర్చలు విఫలమైతే రెండో గడువు మొదలవుతుంది. రిపోర్టు అందిన రోజు నుంచి 90 రోజులు. కొత్త ట్రిబ్యునళ్లు ఏర్పడేదాకా ఉన్న లేబర్ కోర్టులే కేసులు తీసుకునేలా కేంద్రం 2025 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి, ఎక్కడ వేయాలో తెలియక ఆగవలసిన పని లేదు. రిపోర్టు వచ్చిన కవరును పారేయకండి. దాని మీది పోస్టు ముద్రే మీ 90 రోజుల లెక్కకు ఆధారం. ఈ మధ్య మీరు ఇల్లు మారి ఉంటే, కొత్త చిరునామాను లేబర్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చి, దానికీ స్టాంపు వేయించుకోండి. పాత ఇంటి ఓనరు పోస్టుమాన్ దగ్గర కవరు తీసుకుని అల్మరాలో పెట్టి మరిచిపోతే, మీకు అందలేదని నిరూపించుకోవలసిన బాధ్యత మీ మీదే పడుతుంది.

ఆర్డర్ కాపీ, అది వచ్చిన కవరు, చార్జిషీటు, ఎంక్వైరీ కాగితాలు, అప్పీల్ రసీదు, ఇవి చేతిలో ఉంటే దరఖాస్తు రాయడానికి ఒక్క పూట చాలు. ఎంక్వైరీ కాగితాల కాపీలు మీకు ఇవ్వలేదంటే వాటి కోసం ఆగకండి, ఇవ్వలేదన్న సంగతే దరఖాస్తులో రాసి ఈ వారంలోనే తపాల్‌లో ఇచ్చేయండి.